11 లైన్లు, 6 మజిలీలు: పిక్ లిస్ట్ కూర్పు గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడతాను. గోదాములో సరుకు తీసే మనిషి చేతికి పని మొదలుకాగానే అందే పిక్ లిస్ట్ అది. చాలాచోట్ల అది కాగితం నుంచి స్కానర్ తెర మీదికి మారింది గానీ, దాన్ని కూర్చే పద్ధతి మారలేదు. కస్టమర్ల ఆర్డర్ లైన్లను తీసుకుని, ఒకే సరుకు పలుమార్లు వచ్చిన చోట పరిమాణాలను కూడి, నడవల వారీగా, ఆ నడవల్లో సరుకు పెట్టే చోట్లయిన బిన్‌ల వారీగా వరుసలో పెట్టడమే ఆ కూర్పు. రెండు మాటల్లో చెప్పగలిగిన ఈ పనిని ప్రోగ్రాముగా రాసినప్పుడు ఎక్కడెక్కడ తప్పుతుందో, ఆ తప్పు ఎలా బయటపడుతుందో ఒక చిన్న ఉదాహరణను చివరిదాకా నడిపించి చూపిస్తాను.

నాలుగు ఆర్డర్లు వచ్చాయనుకుందాం. 101వ ఆర్డర్‌లో టేపు చుట్టలు 3, బ్యాటరీలు 4, నోటుబుక్కులు 10 ఉన్నాయి. 102వ ఆర్డర్‌లో బ్యాటరీలు 6, బల్బులు 2 ఉన్నాయి. 103వ ఆర్డర్‌లో టేపు చుట్టలు 2, నోటుబుక్కులు 15, బ్యాటరీలు 4 ఉన్నాయి. ఆ కస్టమర్ తర్వాత గుర్తొచ్చి మరో టేపు చుట్ట అడిగాడు, అది నాలుగో లైనుగా విడిగా చేరింది. 104వ ఆర్డర్‌లో బల్బులు 5, కత్తెర 1 ఉన్నాయి. మొత్తం 11 లైన్లు, 53 వస్తువులు. ఈ 53 అన్న సంఖ్యను దయచేసి గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్లీ మళ్లీ పని పడుతుంది.

ఆర్డర్ తర్వాత ఆర్డర్‌గా సరుకు తీస్తే నాలుగుసార్లు గోదాములోకి వెళ్లి రావాలి. బ్యాటరీల దగ్గరికే మూడుసార్లు నడవాలి. నాలుగింటినీ ఒకే విడతగా తీసుకుని సరుకు వారీగా కూడితే టేపు 6, బ్యాటరీలు 14, నోటుబుక్కులు 25, బల్బులు 7, కత్తెర 1 అవుతాయి. కూడితే మళ్లీ 53 వస్తుంది. ఇక్కడిదాకా ఇది చేతి లెక్కే.

అయితే కూడడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఏ రెండు లైన్లను ఒకే సరుకుగా ఎంచాలి? పేరు ఒకటైతే చాలదు, సరుకు కోడ్ ఒకటి కావాలి. కోడ్ ఒకటైనా కొలమానం వేరైతే నేరుగా కూడకూడదు. ఒకరు నోటుబుక్కులు 10 అని, మరొకరు 12 నోటుబుక్కులుండే పెట్టె 1 అని ఆర్డర్ చేస్తే, 10కి 1 కలిపి 11 అని రాసిన జాబితా చూడడానికి శుభ్రంగానే ఉంటుంది, కానీ 11 నోటుబుక్కుల కొరత తెస్తుంది. ముందు అన్నిటినీ విడి వస్తువుల లెక్కలోకి మార్చి, 22 అని కూడి, ఆ తర్వాతే ఎన్ని నిండు పెట్టెలు, ఎన్ని విడివి అన్నది తేల్చాలి. అలాగే తయారీ లాట్ నంబరు పాటించవలసిన సరుకులో లాట్ వేరైతే వరుస కూడా వేరుగానే ఉండాలి. ఒక కస్టమర్ పేరు చెక్కించుకున్న వస్తువు వంటిది కోడ్ ఒకటే అయినా దేనితోనూ కలవదు. కాబట్టి ఏ అంశాల మీద కలపాలన్న నిర్ణయం గోదాము తెలిసినవారు చేయాలి. దాన్ని ప్రోగ్రాము రాసేవారి ఊహకు వదలకూడదు.

ఇప్పుడు బిన్‌ల సంగతికి వద్దాం. మన ఉదాహరణలో బిన్ గుర్తుకు మూడు భాగాలున్నాయి: నడవ నంబరు, ఆ నడవ పొడవునా నిలబెట్టిన అరల చట్రాల్లో ఒకటైన బే నంబరు, ఆ బేలో కింది నుంచి లెక్కించిన అర నంబరు. నోటుబుక్కులు 01-07-1లో ఉన్నాయి. టేపు 02-03-2లో, కత్తెర 03-05-3లో, బల్బులు 10-15-2లో ఉన్నాయి. బ్యాటరీలు మాత్రం రెండు చోట్ల ఉన్నాయి: 02-11-1లో 8, 10-04-3లో 40.

నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు బిన్‌ల దగ్గరే పుడతాయి. ప్రోగ్రాము రాసేవారు ఆర్డర్ లైన్ల పట్టికను, బిన్‌ల పట్టికను సరుకు కోడ్ మీద జోడించి, ఆ జోడింపు మీద పరిమాణాలను కూడతారు. ఒక్కో సరుకుకు ఒక్క బిన్ ఉన్నంత కాలం ఫలితం సరిగ్గానే వస్తుంది, పరీక్షించినవారికి లోపం కనబడదు. బ్యాటరీలకు రెండో బిన్ ఏర్పడిన రోజున మూడు ఆర్డర్ లైన్లు రెండు బిన్‌లతో జోడై ఆరు వరుసలవుతాయి. అప్పుడు జాబితా మొదటి బిన్ దగ్గర 14, రెండో బిన్ దగ్గర 14 తీయమంటుంది. సరుకు తీసే మనిషికి అది అనుమానించవలసిన సంఖ్యలా ఉండదు. మొదటి బిన్‌లో 8 మాత్రమే ఉన్నాయి కనుక అక్కడ కొరత నమోదు చేస్తాడు, రెండో బిన్ నుంచి 14 తీస్తాడు, బండిలో అవసరం కంటే 8 ఎక్కువ పడతాయి. జాబితా మొత్తం 53కు బదులు 67 అని వస్తుంది. ఆ ఒక్క సంఖ్యను ఎవరైనా పోల్చి ఉంటే జాబితా ముద్రణకే వెళ్లేది కాదు.

దీనికి సరైన క్రమం వేరు. ముందు ప్రతి ఆర్డర్ లైనుకూ ఏ బిన్ నుంచి ఎన్ని తీయాలో కేటాయించాలి, ఆ కేటాయింపును ఒక పట్టికలో రాసి ఉంచాలి, ఆ తర్వాతే దాన్ని బిన్ వారీగా కూడాలి. మొదటి బిన్‌లోని 8 బ్యాటరీల్లో 101కి 4, 102కి 4 కేటాయిస్తాం. 102కి మిగిలిన 2, 103కి కావలసిన 4 రెండో బిన్ నుంచి ఇస్తాం. దాంతో 102వ ఆర్డర్‌లోని ఒక్క బ్యాటరీ లైను కేటాయింపు పట్టికలో రెండు వరుసలవుతుంది. 11 లైన్లు 12 కేటాయింపులవుతాయి, వాటి మొత్తం మాత్రం 53గానే ఉంటుంది.

ఇక్కడ ఒక ఎంపిక ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. బల్బుల కోసం మన మనిషి ఎలాగూ పదో నడవలోకి వెళ్తాడు. 14 బ్యాటరీలూ అక్కడి 40లోంచే తీస్తే ఒక మజిలీ తగ్గుతుంది. కానీ రెండో నడవలోని 8 అలాగే మిగిలిపోతాయి. ప్రతి విడతలోనూ ఇదే జరిగితే కొద్దికొద్ది మిగుళ్లతో బిన్‌లు నిండి, కొత్త సరుకు దించడానికి చోటు దొరకదు. చిన్న మిగులును ముందు ఖాళీ చేయడమా, నడకను తగ్గించడమా అన్నది ఆ గోదాములో చోటు ఎంత ఇరుకుగా ఉందన్న దాన్ని బట్టి తేల్చాలి. బ్యాటరీల వంటి గడువున్న సరుకు విషయంలో మాత్రం నా అభిప్రాయం స్థిరం: గడువు ముందుగా తీరేది ఏ బిన్‌లో ఉంటే అదే ముందు కదలాలి, మజిలీ పెరిగినా సరే. మన ఉదాహరణలో రెండో నడవలోనివే పాతవనుకుని ముందుకు వెళ్దాం.

కేటాయింపు పట్టిక సిద్ధమైతే కూడిక చాలా చిన్నది. మన విడత నంబరు 17 అనుకుందాం, sku అంటే సరుకు కోడ్:

```sql
SELECT bin, sku, lot, SUM(qty) AS qty
FROM allocation
WHERE wave_id = 17
GROUP BY bin, sku, lot;
```

దీని నుంచి ఆరు వరుసలు వస్తాయి. ఇక వాటిని ఏ క్రమంలో పెట్టాలన్నది మిగిలింది.

బిన్ గుర్తు మీద అక్షరక్రమంలో పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నడవ నంబర్లను ముందు సున్నా లేకుండా 1, 2, 3, 10 అని రాసి ఉంటే, అక్షరక్రమంలో 10 అన్నది 1కి, 2కి మధ్య చేరుతుంది. మనిషి ఒకటో నడవ నుంచి పదో నడవకు నడిచి, మళ్లీ రెండో నడవకు వెనక్కి వస్తాడు. 01, 02 అని రెండంకెలు ముద్రించడం గానీ, గుర్తును మూడు భాగాలుగా విడదీసి ఒక్కో భాగాన్నీ సంఖ్యగా పోల్చడం గానీ దీనికి మందు. నేను రెండోదే మేలంటాను, ఎందుకంటే నడవలు వంద దాటిన రోజున మొదటి పద్ధతికి లేబుళ్లన్నీ మార్చవలసి వస్తుంది. ఈ సందర్భంలో మరో జాగ్రత్త: అర నంబరు లేకుండా 02-11 అని మాత్రమే గుర్తులుండే గోదాములో, జాబితాను స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే అది ఆ గుర్తును తేదీగా మార్చేయవచ్చు. బిన్ గుర్తులుండే నిలువు వరుసను అక్షరాలుగానే చదవమని ముందే చెప్పి తెరవాలి.

సంఖ్యల క్రమం సరిగ్గా వచ్చిందంటే నడిచే క్రమం సరిగ్గా వచ్చినట్టు కాదు. నడవలకు రెండు కొసలుంటాయి. ఒకటో నడవలో ముందు నుంచి లోపలికి పోయిన మనిషి చివరి కొస దగ్గర బయటపడతాడు. రెండో నడవను కూడా చిన్న బే నంబరు నుంచి మొదలుపెట్టాలంటే ఉత్త చేతులతో మళ్లీ ముందు కొసకు రావాలి. అందుకే ఒక నడవలో బే నంబర్లు పెరిగే క్రమంలో, తర్వాతి నడవలో తగ్గే క్రమంలో పెడతారు, పాము నడక మాదిరిగా. మన జాబితాలో మొదట 01-07-1 దగ్గర నోటుబుక్కులు 25. తర్వాత రెండో నడవలోకి వెనక కొస నుంచి ప్రవేశిస్తాం కనుక ముందుగా 02-11-1 దగ్గర బ్యాటరీలు 8, ఆ తర్వాతే 02-03-2 దగ్గర టేపు 6. మూడో నడవలో మళ్లీ పెరిగే క్రమం: 03-05-3 దగ్గర కత్తెర 1. అక్కడి నుంచి వెనక దారి గుండా పదో నడవకు చేరి, 10-15-2 దగ్గర బల్బులు 7, చివరగా 10-04-3 దగ్గర బ్యాటరీలు 6 తీసుకుని ముందు కొస దగ్గర బయటికి వస్తాం. ఆరు మజిలీలు, 53 వస్తువులు. బరువైన నోటుబుక్కులు బండి అడుగున, పగిలే బల్బులు పైభాగంలో పడ్డాయని గమనించండి. అది అదృష్టం కాకూడదు. నడక మొదట్లో వచ్చే బిన్‌లలో బరువైన సరుకును పెట్టుకున్న గోదాముకే ఆ సౌకర్యం దక్కుతుంది.

చాలా గోదాములలో ప్రతి బిన్‌కూ ఒక నడక నంబరును ముందే ఇచ్చి, దాని మీద వరుస పెడతారు: బేసి నడవల్లో పెరుగుతూ, సరి నడవల్లో తగ్గుతూ. ఈ పద్ధతి సులువు, సరుకు తీసేవారికి దారి అలవాటవుతుంది. అయితే దీనికి ఒక హద్దుంది. 104వ కస్టమర్ కత్తెర వద్దన్నాడనుకోండి. మూడో నడవ జాబితా నుంచి పోతుంది. రెండో నడవ పూర్తయ్యేసరికి మనిషి ముందు కొస దగ్గరున్నాడు. పది సరి సంఖ్య కనుక జాబితా అతణ్ణి ముందు 15వ బే దగ్గరికి, ఆ తర్వాత 4వ బే దగ్గరికి పంపుతుంది. 4వ బేను దాటుకుంటూ లోపలికి పోయి మళ్లీ వెనక్కి రావాలి. పది చివరి నడవ అయితే ఎలాగూ ముందుకే రావాలి కనుక దూరం మారదు. కానీ దాని తర్వాత పదకొండో నడవలోనూ పని ఉంటే, పదిలో లోపలికి పోతూనే పని ముగించి వెనక కొస నుంచి పదకొండులోకి దిగే అవకాశం పోతుంది. పైగా అతను తనంతట తాను అలా దిగినా, పదకొండుకు రాసిపెట్టిన దిశ అతనికి పనికి రాదు.

దిశను నడవ నంబరు బేసా, సరా అన్నదాన్ని బట్టి కాక, ఈ జాబితాలో నిజంగా అడుగు పెట్టబోయే నడవల్లో అది ఎన్నోది అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తే ఈ చిక్కు తీరుతుంది. `aisle_rank` అన్నది ఆ వరుస సంఖ్య అనుకుంటే, క్రమం ఇలా ఉంటుంది:

```sql
ORDER BY aisle_rank,
  CASE WHEN aisle_rank % 2 = 1 THEN bay ELSE -bay END,
  level, sku
```

వరుస సంఖ్యను `DENSE_RANK() OVER (ORDER BY aisle)` ఇస్తుంది. కత్తెర పోయిన జాబితాలో పదో నడవ మూడోది అవుతుంది కనుక 4వ బే ముందు, 15వ బే తర్వాత వస్తాయి. ఇది కూడా అతి తక్కువ దూరాన్ని కచ్చితంగా ఇచ్చే లెక్క కాదు. ఒక నడవలో ముందు కొస పక్కనే ఒక్క వస్తువు ఉంటే, నడవ మొత్తం దాటడం కంటే తీసుకుని వెనక్కి తిరగడమే దగ్గర. వెనక దారి లేని గోదాములో పాము నడకే కుదరదు, ప్రతి నడవలోనూ వెళ్లిన దారినే రావాలి. కాబట్టి ఏ సూత్రాన్ని రాసినా, రాసినవారు ఆ జాబితా పట్టుకుని కనీసం ఒకసారి గోదాములో నడవాలని నేను గట్టిగా కోరుతాను. వన్-వే నడవలు, మూసివేసిన దారులు, ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే వేళలు పట్టికల్లో కనబడవు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. పరిమాణాలను కూడిన క్షణంలో ఏ వస్తువు ఎవరిదో జాబితా మరిచిపోతుంది. బండిలో 14 బ్యాటరీలున్నాయి, వాటిలో 102వ ఆర్డర్‌వి ఏవో బ్యాటరీల మీద రాసి ఉండదు. తీసిన సరుకును మళ్లీ ఆర్డర్ల వారీగా పంచవలసిందే. కూడికతో మిగిల్చిన శ్రమలో కొంత ఈ పంపకానికి ఖర్చవుతుంది. అందుకే ఒకే సరుకు అనేక ఆర్డర్లలో పునరావృతమయ్యే చోట కూడిక లాభిస్తుంది, ప్రతి ఆర్డర్‌లోనూ వేర్వేరు సరుకులుండే చోట అంతగా లాభించదు.

పంపకం రెండు విధాలు. బండిని బల్ల దగ్గరికి తెచ్చి, అక్కడ ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో గడి కేటాయించి పంచడం ఒకటి. బండి మీదే ఆర్డర్‌కొక పెట్టె పెట్టుకుని, తీస్తూనే పంచడం రెండోది. రెండో పద్ధతిలో జాబితా వరుస ఇలా ఉంటుంది: 02-03-2, టేపు 6, మొదటి పెట్టెలో 3, మూడో పెట్టెలో 3. బిన్ దగ్గర ఒక్కసారే ఆగుతాడు, పంపకమూ అక్కడే పూర్తవుతుంది. బండి మీద ఎన్ని పెట్టెలు పడితే అన్ని ఆర్డర్లే ఒక విడతలో పడతాయన్నది దాని పరిమితి. ఈ రెండు పద్ధతులకూ ఆధారం మనం ముందుగా రాసిపెట్టుకున్న కేటాయింపు పట్టికే. కూడిన జాబితాను మాత్రమే దాచుకుని కేటాయింపులను పారవేసిన ప్రోగ్రాముకు పంచే దారి ఉండదు.

కొరత వచ్చినప్పుడు ఆ పట్టిక విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 02-11-1లో 8 ఉన్నాయని లెక్క చెబుతోంది, వెళ్లి చూస్తే 5 మాత్రమే ఉన్నాయి. స్కానర్ వాడుతుంటే ఆ 3ను వెంటనే 10-04-3కు మళ్లించవచ్చు. ఆ మజిలీ ఇంకా ముందే ఉంది కనుక 6కు బదులు 9 తీయమని వరుస మారుతుంది, అదనపు నడక లేదు. కాగితమైతే మొదటి బిన్ నుంచి 5, రెండో బిన్ నుంచి 6, మొత్తం 11 బ్యాటరీలతో మనిషి తిరిగొస్తాడు. 14 కావలసిన చోట 11ను ఎలా పంచాలి? దామాషా ప్రకారం తలా కొంచెం తగ్గిస్తే న్యాయంగా కనిపిస్తుంది, కానీ మూడు ఆర్డర్లూ అసంపూర్తిగా ఆగిపోతాయి. 101కి 4, 103కి 4 పూర్తిగా ఇచ్చి, మిగిలిన 3ను 102 గడిలో ఉంచితే రెండు ఆర్డర్లు వెంటనే బయలుదేరతాయి, ఒక్కటే ఆగుతుంది. ఎవరిని ఆపాలన్న నియమం పంపే గడువును బట్టి ముందే రాసి ఉండాలి. లేకపోతే బల్ల దగ్గర ఎవరి గడి ముందుంటే వారికి దక్కుతుంది.

ఇక సరిచూసుకోవడం. జాబితా ముద్రించే ముందు రెండు మొత్తాలను పోల్చాలి:

```sql
SELECT SUM(qty) FROM order_lines WHERE wave_id = 17;
SELECT SUM(qty) FROM allocation WHERE wave_id = 17;
```

పరిమాణాలు రెండు పట్టికల్లోనూ విడి వస్తువుల లెక్కలోనే ఉండాలని మరవకండి. రెండూ 53 అయితే ముందుకు వెళ్లవచ్చు. రెండోది ఎక్కువైతే బిన్‌ల జోడింపులో వరుసలు రెట్టింపయ్యాయేమో చూడాలి. తక్కువైతే, ఏదో సరుకుకు బిన్ నమోదు కాకపోయి ఉండాలి, లేదా ఉన్న బిన్‌లలో సరిపడా స్టాకు లేకపోయి ఉండాలి. మన కత్తెరకు బిన్ నమోదు లేకపోతే మామూలు జోడింపులో ఆ లైను చప్పుడు లేకుండా రాలిపోతుంది, మొత్తం 52 అవుతుంది. అలాంటి లైన్లను రాలిపోనివ్వకుండా, బిన్ గడి ఖాళీగా ఉంచి జాబితా పైభాగంలోనే ముద్రించాలని నా సలహా. మనిషి బయలుదేరక ముందే దాని సంగతి తేలుతుంది.

మొత్తాలు కలిసినా దొరకని తప్పు ఒకటుంది, అది పంపకం బల్ల దగ్గరే బయటపడుతుంది. 103వ ఆర్డర్‌లో టేపు రెండు లైన్లలో వచ్చిందని చెప్పాను, 2 ఒకటి, 1 ఒకటి. పంపకం చూపే తెర ఆర్డర్ నంబరు, సరుకు కోడ్ జత మీద సంఖ్యను దాచుకుంటూ, రెండో లైను రాగానే కూడడానికి బదులు పాత సంఖ్య మీద కొత్తది రాసేస్తే, జాబితా 6 చుట్టలు సరిగ్గానే తీయిస్తుంది, తెర మాత్రం 101కి 3, 103కి 1 అని చూపిస్తుంది. నాలుగు గడులూ పూర్తయ్యాయని తెర చెబుతుంటుంది, బండిలో రెండు టేపు చుట్టలు మిగిలి ఉంటాయి. బల్ల దగ్గర పనిచేసేవారు సాధారణంగా వాటిని పొరపాటున ఎక్కువ తీసినవిగా భావించి తిరిగి 02-03-2లో పెట్టేస్తారు, మూడు చుట్టలు అడిగిన కస్టమర్‌కు ఒక్కటి చేరుతుంది. అందుకని మిగిలిన వస్తువును బిన్‌కు పంపే ముందు, ఆ సరుకు ఉన్న ఆర్డర్ లైన్లన్నీ తెరిచి, ఒకే ఆర్డర్‌లో అది రెండుసార్లు వచ్చిందేమో చూడాలి.